గుండ్రంగా లేని గొట్టానికి వ్యాసం ఎంత?

గొట్టంలో పారే నీరు గోడ నుంచి ఎంత వేడిని తీసుకుంటుందో లెక్కగట్టడానికి ఇంజనీర్లు వాడే సూత్రాల్లో చాలావరకు గుండ్రటి గొట్టాలపై చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవే. వాటిలో బాగా పేరున్న డిట్టస్–బోల్టర్ సూత్రాన్నే తీసుకోండి. 1930లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన ఆ పత్రం కార్ల రేడియేటర్లలోని గొట్టాల గురించి. అందులో D అనే అక్షరం గొట్టం లోపలి వ్యాసానికి గుర్తు.

కానీ వేడి మారే దారులన్నీ గుండ్రంగా ఉండవు. పెద్ద భవనాల్లో చల్లగాలిని మోసే ఏసీ డక్ట్ దీర్ఘచతురస్రం. పాల డెయిరీలో ప్లేట్ల మధ్య పాలు పారే దారి ఒక సన్నటి చీలిక. ఒక గొట్టంలో మరో గొట్టం దూర్చి చేసే హీట్ ఎక్స్ఛేంజర్‌లో వేడినీరు పారే దారి ఉంగరం ఆకారంలో ఉంటుంది. వీటికి వ్యాసం అంటూ ఏదీ లేదు. మరి సూత్రంలో D దగ్గర ఏ అంకె వేయాలి?

దీనికి ఇంజనీరింగ్ ఇచ్చిన జవాబు హైడ్రాలిక్ వ్యాసం. పాఠ్యపుస్తకంలో అది ఒక్క వరుసలో అయిపోతుంది: వైశాల్యాన్ని నాలుగుతో గుణించి చుట్టుకొలతతో భాగించాలి. ఆ వరుసకు ఒక కారణం ఉంది, కొన్ని హద్దులూ ఉన్నాయి. అవి తెలియకుండా వాడితే హీట్ ఎక్స్ఛేంజర్ మీద మనం వేసిన లెక్క ఒకటి, పంపు మీద పడే భారం మరొకటి అవుతాయి. వలయాకార సందు ఉన్న ఒక చిన్న పాల హీటర్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి చూద్దాం.

మోసేది వైశాల్యం, ఆపేది గోడ

ఏదో ఒక ఆకారంలో ఉన్న నిటారు గొట్టంలో నీరు ఒకే వేగంతో పారుతోందనుకోండి. వేగం పెరగడం లేదు, తగ్గడం లేదు. అంటే నీటిని ముందుకు నెట్టే బలం, వెనక్కి లాగే బలం సమానంగా ఉన్నాయన్నమాట.

ముందుకు నెట్టేది పీడనంలో తేడా. అది దారి అడ్డుకోత వైశాల్యం మొత్తం మీద పనిచేస్తుంది. వెనక్కి లాగేది గోడ ఒరిపిడి. అది నీరు గోడను తాకే చోట మాత్రమే ఉంటుంది. అడ్డుకోతలో నీటికి తగిలే గోడ పొడవును తడి చుట్టుకొలత అంటారు. వైశాల్యం A, తడి చుట్టుకొలత P, గొట్టం పొడవు L, గోడపై ప్రతి చదరపు మీటరుకు ఒరిపిడి τ, పీడన నష్టం Δp అనుకుంటే ఈ తూకం ఇలా ఉంటుంది:

```
Δp × A = τ × P × L
Δp / L = τ × (P / A)
```

ఇక్కడ ఆకారానికి సంబంధించి మిగిలింది P/A అనే నిష్పత్తి ఒక్కటే. ఎంత నీటికి ఎంత గోడ ఉంది అన్నదే అసలు ప్రశ్న. ఈ ఆలోచన పాతది. 1770లలో ఫ్రెంచ్ ఇంజనీరు ఆంట్వాన్ షెజీ, ఇవెట్ నది నీటిని పారిస్‌కు తెచ్చే కాలువ కోసం లెక్కలు వేస్తూ వైశాల్యాన్ని తడి చుట్టుకొలతతో భాగించి చూశాడు. ఆ A/P నే నేటికీ కాలువల ఇంజనీర్లు హైడ్రాలిక్ వ్యాసార్ధం అంటారు. ‘తడి’ అనే మాట కూడా కాలువల నుంచి వచ్చిందే. కాలువకు పైన గోడ ఉండదు కాబట్టి అడుగును, రెండు గట్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు.

గుండ్రటి గొట్టానికి A/P లెక్కవేస్తే వ్యాసంలో నాలుగో వంతు వస్తుంది. కాబట్టి దాన్ని నాలుగుతో గుణిస్తే గుండ్రటి గొట్టానికి దాని సొంత వ్యాసమే తిరిగి దొరుకుతుంది. సూత్రంలో 4 ఉండటానికి ఇంతకుమించి కారణం లేదు.

```
D_h = 4A / P
```

ఇక్కడే ఒక చిక్కుంది. పేరు చూస్తే హైడ్రాలిక్ వ్యాసం హైడ్రాలిక్ వ్యాసార్ధానికి రెట్టింపు అనిపిస్తుంది. నిజానికి అది నాలుగు రెట్లు. కాలువల పుస్తకంలోని వ్యాసార్ధాన్ని తీసుకుని రెండుతో గుణించి గొట్టాల సూత్రంలో వేస్తే మొదటి అడుగులోనే లెక్క సగానికి పడిపోతుంది.

కొన్ని ఆకారాలు

దీర్ఘచతురస్రపు డక్ట్‌కు భుజాలు a, b అయితే హైడ్రాలిక్ వ్యాసం 2ab/(a+b). ఉదాహరణకు 600 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. ఎత్తు ఉన్న ఏసీ డక్ట్‌కు అది 400 మి.మీ. ఇప్పుడు పైకప్పు కింద చోటు చాలక అదే వైశాల్యాన్ని 1,200 × 150 మి.మీ.గా మార్చారనుకోండి. గాలి వెళ్లే వైశాల్యం మారలేదు, వేగమూ మారలేదు. కానీ హైడ్రాలిక్ వ్యాసం సుమారు 267 మి.మీ.కు తగ్గింది. అంతే గాలికి ఇప్పుడు ఒకటిన్నర రెట్లు గోడ తగులుతోంది. ఫ్యానుకు భారం ఎందుకు పెరుగుతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

డక్ట్‌ను ఇంకా ఇంకా చదును చేస్తూ పోతే చివరికి అది రెండు పలకల మధ్య చీలిక అవుతుంది. అప్పుడు హైడ్రాలిక్ వ్యాసం చీలిక మందానికి సరిగ్గా రెట్టింపు. ప్లేట్ల మధ్య 3 మి.మీ. ఎడం ఉంటే అది 6 మి.మీ.

వలయాకార సందులో నీరు రెండు గోడలను తాకుతుంది: లోపలి గొట్టం వెలుపలి గోడ, బయటి గొట్టం లోపలి గోడ. లోపలి గొట్టం వెలుపలి వ్యాసం D1, బయటి గొట్టం లోపలి వ్యాసం D2 అనుకుందాం. వైశాల్యం π(D2² − D1²)/4, తడి చుట్టుకొలత π(D2 + D1). నాలుగుతో గుణించి భాగిస్తే అంతా కొట్టేసుకుపోయి D2 − D1 మిగులుతుంది. ఇదీ సందు మందానికి రెట్టింపే. వలయం అంటే చుట్టగా చుట్టిన చీలిక కాబట్టి అలా రావడం సహజమే.

పాల హీటర్ లెక్క

మన హీటర్‌లో లోపలి గొట్టంలో పాలు, బయటి సందులో 80 డిగ్రీల వేడినీరు పారుతున్నాయనుకుందాం. పాలను 72 డిగ్రీలకు చేర్చి కనీసం 15 సెకన్లు అలా ఉంచడం పాశ్చరీకరణలో వాడే ఒక ప్రామాణిక పద్ధతి. హీటర్ చాలకపోతే పాలు ఆ వేడిని అందుకోవు. అందుకే ఈ లెక్క సరిగా ఉండాలి.

D1 40 మి.మీ., D2 60 మి.మీ. సందు మందం 10 మి.మీ., హైడ్రాలిక్ వ్యాసం 20 మి.మీ. నీరు పారే వైశాల్యం సుమారు 1,571 చదరపు మి.మీ. నీటి వేగం సెకనుకు 1 మీటరు అనుకుంటే సెకనుకు సుమారు 1.53 కిలోల నీరు వెళ్తుంది.

మొదట రేనాల్డ్స్ సంఖ్య. ప్రవాహం పొరలు పొరలుగా సాఫీగా సాగుతోందా, సుడులు తిరుగుతూ కలగాపులగంగా సాగుతోందా అన్నది దీన్నిబట్టి తెలుస్తుంది. మొదటిదాన్ని స్తరీయ ప్రవాహం అని, రెండోదాన్ని సంక్షుబ్ధ ప్రవాహం అని అంటారు. 80 డిగ్రీల వద్ద నీటి సాంద్రత ఘనపు మీటరుకు 972 కిలోలు, స్నిగ్ధత 0.000355 పాస్కల్–సెకను.

```
Re = ρ V D_h / μ
   = 972 × 1 × 0.020 / 0.000355 ≈ 54,800
```

గుండ్రటి గొట్టంలో సుమారు 2,300 దాటాక ప్రవాహం సాఫీదనం కోల్పోవడం మొదలవుతుంది. డిట్టస్–బోల్టర్ సూత్రం వాడాలంటే 10,000 దాటాలి. మనం చాలా పైన ఉన్నాం. నేడు ఆ పేరుతో వాడే రూపంలో, వేడినీరు చల్లబడేటప్పుడు సూత్రం ఇది:

```
Nu = 0.023 × Re^0.8 × Pr^0.3
h  = Nu × k / D_h
```

ఇందులో Pr ప్రాంట్ల్ సంఖ్య. అది ద్రవం స్వభావాన్ని చెప్పే అంకె, 80 డిగ్రీల నీటికి సుమారు 2.2. ద్రవంలో సుడులు లేకుండా కేవలం వాహనం ద్వారా వెళ్లే వేడితో పోలిస్తే ప్రవాహం ఎన్ని రెట్లు ఎక్కువ వేడిని మోస్తోందో నుస్సెల్ట్ సంఖ్య Nu చెబుతుంది. మన సందుకు అది సుమారు 180. నీటి ఉష్ణ వాహకత k విలువ 0.67. ఈ అంకెలు వేస్తే ఉష్ణ బదిలీ గుణకం h చదరపు మీటరుకు, డిగ్రీకి సుమారు 6,050 వాట్లు.

ఇక పంపు సంగతి. నున్నటి గొట్టానికి బ్లాసియస్ సూత్రం ప్రకారం ఘర్షణ గుణకం 0.0207 వస్తుంది. దాంతో ప్రతి మీటరు పొడవుకు పీడన నష్టం సుమారు 500 పాస్కల్. హీటర్ మొత్తం 20 మీటర్లయితే వంపులను వదిలేసినా 10,000 పాస్కల్, అంటే ఒక మీటరు ఎత్తుకు పైగా నీటిని ఎత్తినంత భారం.

సమాన వైశాల్యం అనే ఉచ్చు

హైడ్రాలిక్ వ్యాసం సంగతి తెలియనివారికి తట్టే మొదటి ఆలోచన వేరుగా ఉంటుంది. సందు వైశాల్యం 1,571 చదరపు మి.మీ. కాబట్టి, అంతే వైశాల్యం ఉన్న గుండ్రటి గొట్టాన్ని ఊహించుకుని దాని వ్యాసం వేస్తే పోలేదా? ఆ వ్యాసం 44.7 మి.మీ. వేగం ఎలాగూ సెకనుకు 1 మీటరే. వినడానికి సబబుగానే ఉంది.

అలా వేస్తే ఉష్ణ బదిలీ గుణకం 6,050 బదులు 5,150 వస్తుంది, అంటే 15 శాతం తక్కువ. పీడన నష్టం మాత్రం మీటరుకు 500 పాస్కల్ బదులు 184 అని వస్తుంది. నిజమైన నష్టం దానికి 2.7 రెట్లు.

ఒకే తప్పు ఒకచోట చిన్న గీతగా, మరోచోట పెద్ద గాయంగా ఎందుకు మారింది? సూత్రాలను విప్పి చూస్తే తెలుస్తుంది. నుస్సెల్ట్ సంఖ్యలో వ్యాసం 0.8 ఘాతంతో పైకి లాగుతుంది. తర్వాత h కోసం మళ్లీ వ్యాసంతో భాగిస్తాం. రెండూ చాలావరకు కొట్టేసుకుని చివరికి h వ్యాసంపై −0.2 ఘాతంతో మాత్రమే ఆధారపడుతుంది. వ్యాసం రెట్టింపైనా h పడిపోయేది 13 శాతమే. పీడన నష్టంలో ఇలాంటి కొట్టివేత లేదు. అక్కడ ఘాతం −1.25. వ్యాసం రెట్టింపైతే లెక్కలోని నష్టం సగానికంటే కిందికి పోతుంది.

దీనివల్ల తప్పు దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. డిట్టస్–బోల్టర్ సూత్రానికే 20 నుంచి 25 శాతం దాకా అటూ ఇటూ తేడా రావచ్చు. 15 శాతం తప్పు ఆ సందడిలో కలిసిపోతుంది. పైగా వేడి దారిలో వేడినీటి వైపు అడ్డంకి ఒక్కటే లేదు, పాల వైపు అడ్డంకి కూడా ఉంది. పాల వైపు గుణకం 3,000 అనుకుని, గొట్టం గోడ అడ్డంకిని వదిలేస్తే మొత్తం గుణకం సరైన లెక్కలో 2,005, తప్పు లెక్కలో 1,896. తేడా ఐదారు శాతమే. హీటర్ పనిచేస్తూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ లెక్కతోనే కొన్న పంపు అనుకున్న నీటిని తోయలేదు. ప్రవాహం తగ్గుతుంది, దాంతో వేడి బదిలీ కూడా తగ్గుతుంది. పంపు బాగోలేదేమోనని వెతకడం మొదలుపెడతారు, వ్యాసం వైపు ఎవరూ చూడరు.

దీనికి తోడు మరో తప్పు

హైడ్రాలిక్ వ్యాసం తెలిసినవాళ్లు కూడా జారిపడే చోటు ఒకటుంది. 20 మి.మీ. అని అంకె చేతికొచ్చాక దాన్ని నిజమైన గొట్టంగా భావించి దాని వైశాల్యం లెక్కగట్టడం. 20 మి.మీ. గుండ్రటి గొట్టం వైశాల్యం 314 చదరపు మి.మీ. మన సందు వైశాల్యం దానికి ఐదు రెట్లు. అదే 1.53 కిలోల నీటిని ఆ చిన్న వైశాల్యం గుండా పంపితే వేగం సెకనుకు 5 మీటర్లని, రేనాల్డ్స్ సంఖ్య 2,74,000 అని, ఉష్ణ బదిలీ గుణకం దాదాపు 22,000 అని వస్తుంది.

ఈ తప్పు చాలాసార్లు పైకి కనబడకుండా జరుగుతుంది. ఎందుకంటే ద్రవ్యరాశి ప్రవాహం నుంచి రేనాల్డ్స్ సంఖ్యను నేరుగా ఇచ్చే సూత్రం పుస్తకాల్లో ఇలా ఉంటుంది:

```
Re = 4 m / (π D μ)      (గుండ్రటి గొట్టానికి మాత్రమే)
Re = 4 m / (P μ)        (ఏ ఆకారానికైనా)
```

ఇక్కడ m సెకనుకు ఎన్ని కిలోలు అన్నది. మొదటి వరుసలోని πD నిజానికి గుండ్రటి గొట్టం చుట్టుకొలత. అక్కడ D బదులు D_h వేస్తే చుట్టుకొలత 314 మి.మీ. నుంచి 63 మి.మీ.కు కుంచించుకుపోతుంది.

పట్టుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. లెక్కలో వాడిన వేగాన్ని నిజమైన వైశాల్యంతో, సాంద్రతతో గుణించి చూడండి. మొదట అనుకున్న 1.53 కిలోలే రావాలి. ఇక్కడ 7.6 కిలోలు వస్తుంది కాబట్టి ఎక్కడో జారామని తెలిసిపోతుంది. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: హైడ్రాలిక్ వ్యాసం ఒక పొడవు మాత్రమే, అది గొట్టం కాదు. వేగం ఎప్పుడూ అసలు వైశాల్యం నుంచే రావాలి.

ఏ గోడ వేడిని ఇస్తోంది?

వలయాకార సందులో ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఒరిపిడి విషయంలో రెండు గోడలూ ఒకటే, రెండూ నీటిని ఆపుతాయి. కానీ వేడి విషయంలో అలా కాదు. మన హీటర్‌లో వేడి పాలలోకి వెళ్లేది లోపలి గోడ గుండానే. బయటి గొట్టానికి వేడి పోకుండా పైన పొర చుట్టి ఉంటుంది. అలాంటప్పుడు తడి చుట్టుకొలత బదులు వేడి మారే చుట్టుకొలతనే వేయాలి కదా?

అమెరికన్ ఇంజనీరు డొనాల్డ్ కెర్న్ 1950లో వెలువరించిన ‘ప్రాసెస్ హీట్ ట్రాన్స్‌ఫర్’ పుస్తకం సరిగ్గా అదే చేసింది. పీడన నష్టానికి D2 − D1, వేడి బదిలీకి మాత్రం (D2² − D1²)/D1 వాడమంది. మన సందుకు మొదటిది 20 మి.మీ., రెండోది 50 మి.మీ. ఒకే సందుకు రెండు వ్యాసాలన్నమాట. కెర్న్ పద్ధతిలో వేడి బదిలీ గుణకం సుమారు 5,030 వస్తుంది.

ఇంతకీ ఏది నిజం? 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు పెతుఖోవ్, రోయిజెన్ వలయాకార సందులపై చేసిన ప్రయోగాలు దీనికి జవాబిచ్చాయి. వాళ్లు తడి చుట్టుకొలతతో వచ్చే మామూలు హైడ్రాలిక్ వ్యాసాన్నే ఉంచారు. గుండ్రటి గొట్టం సూత్రం ఇచ్చే జవాబును మాత్రం ఒక దిద్దుబాటు అంకెతో గుణించారు. లోపలి గోడలోనే వేడి మారేటప్పుడు ఆ అంకె:

```
0.86 × (D1 / D2)^(−0.16)
```

మన కొలతలకు ఇది 0.92. అంటే గుణకం సుమారు 5,550. ఇది దిద్దుబాటు లేని హైడ్రాలిక్ వ్యాసం ఇచ్చిన 6,050కీ, కెర్న్ ఇచ్చిన 5,030కీ దాదాపు మధ్యలో ఉంది. కెర్న్ పద్ధతి వేడి బదిలీని కాస్త తక్కువ చేసి చెబుతుంది, కాబట్టి దాన్ని నమ్మి కట్టిన హీటర్ అవసరానికి మించి కొంచెం పెద్దదే అవుతుంది. ఇన్నేళ్లుగా ఆ పుస్తకం నిలవడానికి అదీ ఒక కారణమే.

చిక్కు వచ్చేది రెండింటినీ కలిపేసినప్పుడు. కెర్న్ 50 మి.మీ.తో పీడన నష్టం లెక్కగడితే అది మళ్లీ మూడో వంతుకు పడిపోతుంది. కెర్న్ వ్యాసం వేసి, దానిపై పెతుఖోవ్ దిద్దుబాటు కూడా వేస్తే ఒకే కారణానికి రెండుసార్లు కోత పెట్టినట్టు. ఏ సూత్రాన్ని రాసినవాళ్లు ఏ వ్యాసంతో రాశారో ఆ సూత్రంలో ఆ వ్యాసమే వేయాలి. సూత్రమూ వ్యాసమూ జంటగా వస్తాయి, విడదీయకూడదు.

సుడులు ఉన్నంతవరకే ఈ సులువు

వలయం, చతురస్రం, దీర్ఘచతురస్రం అన్నీ ఒకే అంకెలో ఇమిడిపోవడం కాస్త వింతగానే ఉంటుంది. మొదట రాసిన బలాల తూకంలో ఒక విషయాన్ని నిశ్శబ్దంగా దాటేశాం. గోడ ఒరిపిడి τ చుట్టూ అంతా ఒకేలా ఉందని అనుకున్నాం. అది ఎప్పుడూ నిజమేనా?

సంక్షుబ్ధ ప్రవాహంలో అది దాదాపు నిజం. దారి మధ్యలో సుడులు నీటిని ఎడతెగకుండా కలుపుతుంటాయి కాబట్టి అక్కడ వేగం, ఉష్ణోగ్రత ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వేగం తగ్గడం, ఉష్ణోగ్రత మారడం చాలావరకు గోడను ఆనుకున్న పల్చటి పొరలోనే జరిగిపోతాయి. ఆ పొరకు తన పక్కనున్న గోడ తప్ప దారి మొత్తం ఆకారం పెద్దగా తెలియదు. చతురస్రపు మూలల్లో కూడా నీరు పూర్తిగా నిలిచిపోదు. అడ్డంగా తిరిగే సన్నటి ప్రవాహాలు మధ్యనున్న వేగవంతమైన నీటిని మూలల్లోకి మోసుకెళ్తాయి. జర్మనీలోని గాటింగెన్‌లో ప్రాంట్ల్ శిష్యుడు నికురాడ్సే గుండ్రంగా లేని గొట్టాల్లో చేసిన కొలతలు ఈ సంగతిని బయటపెట్టాయి.

ప్రవాహం సాఫీగా మారితే ఈ సాయం ఆగిపోతుంది. సుడులు లేవు కాబట్టి గోడ ప్రభావం దారి మధ్యదాకా పాకుతుంది. అప్పుడు ఆకారం మొత్తం లెక్కలోకి వస్తుంది. చిక్కటి నూనె మెల్లగా పారే మూడు దారులను ఊహించుకోండి. మూడింటికీ హైడ్రాలిక్ వ్యాసం 4 మి.మీ.: ఒకటి 4 మి.మీ. గుండ్రటి గొట్టం, రెండోది 4 మి.మీ. భుజం ఉన్న చతురస్రం, మూడోది 2 మి.మీ. చీలిక. గోడలన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉండి, ప్రవాహం కుదురుకున్నాక వాటి నుస్సెల్ట్ సంఖ్యలు గణితంలో కచ్చితంగా తెలుసు: గుండ్రటి గొట్టానికి 3.66, చతురస్రానికి 2.98, చీలికకు 7.54.

నూనె ఉష్ణ వాహకత 0.13 అనుకుంటే ఉష్ణ బదిలీ గుణకాలు వరసగా 119, 97, 245. ఒకే హైడ్రాలిక్ వ్యాసానికి రెండున్నర రెట్ల తేడా. చీలికలో నూనె బొట్టు ఏదైనా సరే గోడకు ఒక మిల్లీమీటరు కంటే దూరంలో ఉండదు, కాబట్టి వేడి త్వరగా అందుతుంది. చతురస్రంలో నాలుగు మూలల్లోనూ నూనె దాదాపు కదలకుండా పడి ఉంటుంది. ఆ మూలల గోడ చుట్టుకొలత లెక్కలోకి వస్తుంది కానీ పని చేయదు. అదే చీలికలో ఒక పలకే వేడిగా ఉండి రెండోది వేడిని అడ్డుకునేదైతే 7.54 కాస్తా 4.86కి పడిపోతుంది. అందుకే స్తరీయ ప్రవాహానికి గుండ్రటి గొట్టం అంకెను అరువు తెచ్చుకోకూడదు. ఆ ఆకారానికి విడిగా ఇచ్చిన పట్టికే చూడాలి. ఇలాంటి విలువలను షా, లండన్ 1978లో ఒకేచోట పెద్ద పుస్తకంగా కూర్చారు. ఆ పట్టికల్లోనూ రేనాల్డ్స్, నుస్సెల్ట్ సంఖ్యల్లో వేసే పొడవు హైడ్రాలిక్ వ్యాసమే. అక్కడ అది ఆకారాల మధ్య తేడాను చెరిపేయదు, అన్నింటికీ ఉమ్మడి కొలబద్దగా మాత్రమే పనికొస్తుంది.

సంక్షుబ్ధ ప్రవాహంలో కూడా ఈ సులువుకు ఒక హద్దుంది. మూల మరీ సూదిగా ఉంటే సుడులు దానిలోకి దూరలేవు. 1950లలో అమెరికాలో ఎకర్ట్, ఇర్విన్ సన్నటి త్రిభుజాకార దారిలోకి పొగ పంపి చూశారు. వెడల్పు వైపు గాలి సుడులు తిరుగుతుండగా, అదే సమయంలో సూది మూలలో గాలి పొరలుగా సాఫీగా పోతోంది. ఒకే దారిలో రెండు రకాల ప్రవాహాలు ఉన్నప్పుడు ఒక్క వ్యాసం రెండింటికీ న్యాయం చేయలేదు. అలాంటి చోట హైడ్రాలిక్ వ్యాసంతో గుండ్రటి గొట్టం సూత్రం వాడితే వేడి బదిలీ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది.

మళ్లీ పాల హీటర్ దగ్గరికి వస్తే, లెక్క వేసేవారు అడగాల్సిన ప్రశ్నలు ఒక వరసలో కుదురుతాయి. మొదట, వేగం అసలు వైశాల్యం నుంచి వచ్చిందా? తర్వాత, 4A/Pలో నీరు తాకే గోడలన్నీ ఉన్నాయా? రేనాల్డ్స్ సంఖ్య 10,000 దాటిందా, లేక ఆకారానికి సొంత పట్టిక వెతకాలా? వేడి ఏ గోడ గుండా వెళ్తోంది, వాడుతున్న సూత్రం దానికి దిద్దుబాటును లోపలే కలుపుకుందా, విడిగా అడుగుతోందా? మన సందు ఈ ప్రశ్నలన్నింటికీ జవాబిచ్చాక వేడినీటి వైపు గుణకానికి 5,550, పీడన నష్టానికి మీటరుకు 500 పాస్కల్ అనే అంకెలు మిగులుతాయి. మొదటిదానిలో పదిహేను శాతం అటూ ఇటూ అయినా పాలు 72 డిగ్రీలకు చేరేలా కాస్త పొడవు గొట్టం వేసుకోవచ్చు. రెండోది తప్పితే మాత్రం, వేసిన ప్రతి మీటరూ పంపు మీద అదనపు భారమే అవుతుంది.